మణికట్టు మీద చిన్న అదురు: క్లాసులో, మీటింగులో, బస్సులో ఎవరికీ తెలియకుండా గుర్తు చేసే వాచీని ఇలా సిద్ధం చేసుకోండి

స్మార్ట్‌వాచీ కొన్నవాళ్లలో చాలామంది మొదటిరోజే సౌండ్ తీసేసి వైబ్రేషన్ పెట్టుకుంటారు. అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. వారం తిరిగేసరికి వాచీ అదిరిన ప్రతిసారీ చెయ్యి పైకెత్తి చూడటం అలవాటైపోతుంది. వచ్చింది వాట్సాప్ మెసేజా, బ్యాంకు మెసేజా, మందు వేళా అన్నది చూస్తే గాని తెలియదు కదా. క్లాసులో పాఠం చెబుతున్న మేడమ్ వాచీ వైపు చూస్తే వెనక బెంచీ పిల్లలకు అది పీరియడ్ అయిపోవచ్చిందన్న సంకేతం. మీటింగులో పైఅధికారి మాట్లాడుతుంటే మీరు వాచీ చూశారంటే, ఆయన మాటలు మీకు విసుగనిపించాయని ఆయన అనుకుంటారు. శబ్దం లేకపోయినా గుట్టు లేనట్టే.

కాబట్టి మనం చేయాల్సిన పని ఒక్కటే. వాచీ అదిరితే, దాన్ని చూడకుండానే ఏం చేయాలో మీకు తెలియాలి. కింద చెప్పే ప్రతి మెట్టూ దీనికోసమే. మా అక్క కోసం పెట్టిన ఏర్పాటునే ఉదాహరణగా తీసుకుంటాను. ఆమె చిత్తూరు నుంచి రోజూ ఆర్టీసీ బస్సులో తిరుపతికి వెళ్లి ఒక కాలేజీలో పాఠాలు చెబుతుంది.

ముందు కాగితం మీద రాసుకోండి

సెట్టింగ్స్ తెరవకముందే ఒక కాగితం తీసుకోండి. రోజులో మీరు నిజంగా మరిచిపోయేవీ, మరిచిపోతే నష్టం కలిగేవీ మాత్రమే రాయండి. మూడుకి మించనివ్వకండి. నాలుగో దానికి వచ్చేసరికి ఏ అదురు దేనికో మనసుకు గుర్తుండదు. మళ్లీ వాచీ చూడటం మొదలవుతుంది.

అక్క రాసినవి ఇవి. ఒకటి, పీరియడ్ ముగియడానికి పది నిమిషాల ముందు. ఆమెది యాభై నిమిషాల పీరియడ్. పాఠంలో పడితే బెల్ కొట్టేదాకా టైమ్ తెలియదు, చివర్లో అటెండెన్స్ హడావుడిగా తీసుకోవాల్సి వస్తుంది. రెండు, మంచినీళ్లు. కిడ్నీలో రాయి వచ్చాక డాక్టర్ నీళ్లు బాగా తాగమన్నారు. మా ఊళ్లో ఎండాకాలం సంగతి తెలిసిందే, కానీ క్లాసులో నిలబడితే ఆమెకు దాహమే గుర్తురాదు. మూడు, పొద్దున బస్సులో చంద్రగిరి రాగానే లేవడం. తిరుపతి బస్టాండు కంటే ముందే ఆమె దిగాలి. నిద్రలో ఆ స్టాపు దాటిపోతే బస్టాండు దాకా వెళ్లి ఆటోలో వెనక్కి రావాలి.

ప్రతిదాని పక్కన చేయాల్సిన పని ఒక్క క్రియలో రాయించాను: ముగించు, తాగు, లేచి నిలబడు. అదురు రాగానే ఆ నిమిషంలోనే చేయగలిగే పని అయితేనే దానికి అదురు పెట్టాలి. 'సాయంత్రం మార్కులు ఎక్కించాలి' లాంటివి దీనికి పనికిరావు. పదకొండింటికి అది గుర్తు చేస్తే మీరు చేసేదేమీ లేదు, మణికట్టుకు మాత్రం ఆ అదురును పట్టించుకోకపోవడం అలవాటవుతుంది.

మిగతావన్నీ మూసేయండి

ఫోనులో వాచీ యాప్ తెరిచి నోటిఫికేషన్ల జాబితాకు వెళ్లండి. ముందు అన్నిటినీ ఆపేసి, తర్వాత కావాల్సినవి మాత్రమే తెరవండి. ఒక్కొక్కటిగా ఆపుకుంటూ పోతే ఎక్కడో ఒక షాపింగ్ యాప్ మిగిలిపోతుంది. ఫోన్ కాల్స్ ఉంచుకోవచ్చు. కాల్ అదురు చాలాసేపు ఉంటుంది కాబట్టి తేడా తెలిసిపోతుంది. కుర్చీలోంచి లేవమని, అడుగులు పూర్తయ్యాయని వాచీ తనంతట తాను పంపేవి కూడా ఉంటాయి. అవి నోటిఫికేషన్ల జాబితాలో కనబడవు. ఆరోగ్యం లేదా ఫిట్‌నెస్ సెట్టింగ్స్‌లో వెతికి ఆపాలి. నీళ్లు తాగమని గుర్తు చేసే సదుపాయం చాలా వాచీల్లో ముందే ఉంటుంది. అది మీ మూడింటిలో ఒకటి కాకపోతే దాన్నీ ఆపండి.

ఇదే సమయంలో ఫోన్‌ను వైబ్రేషన్‌లో కాకుండా పూర్తి సైలెంట్‌లో పెట్టండి. బ్యాగులోనో, టేబుల్ సొరుగులోనో ఉన్న ఫోన్ అదిరితే వాచీ కంటే పెద్దగా వినిపిస్తుంది.

అలారమా, నోటిఫికేషనా

చాలామంది గమనించని సంగతి ఇది, కానీ ఏర్పాటంతా దీని మీదే నిలబడుతుంది. వాచీ అదరడానికి రెండు దారులున్నాయి. వాచీలోనే దాచుకున్న అలారం లేదా టైమర్ ఒకటి. ఫోనులో పుట్టి బ్లూటూత్ మీద వాచీకి చేరే నోటిఫికేషన్ రెండోది. క్యాలెండర్, రిమైండర్ యాప్, లొకేషన్ అలారం లాంటివన్నీ సాధారణంగా రెండో దారిలోనే వస్తాయి.

మొదటి దారి గట్టిది. ఫోన్ స్టాఫ్ రూములో వదిలేసి క్లాసుకు వెళ్లినా వాచీలో పెట్టుకున్న అలారం మోగుతుంది. రెండో దారిలో తెగే చోట్లు చాలా ఉన్నాయి. ఫోన్ దూరంగా ఉంటే బ్లూటూత్ తెగుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ బ్యాటరీ ఆదా కోసం వాచీ యాప్‌ను వెనక నుంచి ఆపేస్తుంది. ఫోన్‌లో డు నాట్ డిస్టర్బ్ పెడితే చాలా వాచీలు దాన్నే అనుసరిస్తాయి. ఐఫోన్ అయితే, మీరు దాన్ని తెరిచి వాడుతున్నంతసేపు నోటిఫికేషన్ ఫోనులోనే కనబడుతుంది, వాచీకి వెళ్లదు.

అందుకని సూత్రం ఇలా పెట్టుకోండి: తప్పిపోతే ఎక్కువ నష్టం కలిగేదాన్ని వాచీ అలారంగా పెట్టండి, తప్పినా పెద్దగా ఫర్వాలేని దాన్ని నోటిఫికేషన్‌గా పెట్టండి. దీంతో ఇంకో మేలు కూడా ఉంది. చాలా వాచీల్లో అలారం ఆపేదాకా అదురుతూనే ఉంటుంది, నోటిఫికేషన్ ఒక్కసారి పొట్టిగా అదిరి ఊరుకుంటుంది. వైబ్రేషన్ తీరు మార్చుకునే వీలు లేని చవక వాచీలో కూడా రెండు వేర్వేరు సంకేతాలు ఇలా ఉచితంగా దొరుకుతాయి.

అక్క వాచీలో పీరియడ్ ముగింపు అలారం. పది గంటల క్లాసుకు 10:40కి, పదకొండు గంటల క్లాసుకు 11:40కి, మధ్యాహ్నం రెండు గంటల క్లాసుకు 2:40కి పెట్టి, రిపీట్‌లో క్లాసున్న రోజులు మాత్రమే టిక్ చేశాం. నీళ్లకు ఫోన్ రిమైండర్ యాప్ నుంచి నోటిఫికేషన్: 10:20, 11:20, 2:20. క్లాసు మధ్యలో పొట్టిగా ఒకసారి అదిరితే బాటిల్ అందుకుంటుంది. ఆగకుండా అదురుతుంటే పాఠాన్ని ముగింపుకు తెస్తుంది. ఎందుకు 10:45 కాదంటే, పెద్ద సెక్షనులో అటెండెన్స్‌కే నాలుగైదు నిమిషాలు పోతాయి, మిగిలిన ఐదారు నిమిషాల్లో చెప్పిందంతా ఒకసారి గుర్తు చేయాలి. మీ లెక్క మీరే వేసుకోండి: ముగించడానికి నిజంగా ఎంతసేపు పడుతుందో అంత ముందు.

తీరు మార్చుకునే వీలున్న వాచీ అయితే ఇంకా సులభం. అమేజ్‌ఫిట్ వాచీలకు వాడే Zepp యాప్‌లో చాలా మోడళ్లకు అలారానికి, కాల్‌కి, యాప్ నోటిఫికేషన్‌కి వేర్వేరు వైబ్రేషన్ తీరులు ఎంచుకోవచ్చు, సొంతంగా కూడా చేసుకోవచ్చు. సొంతంగా చేస్తే సంగీతం కూర్చినట్టు చేయకండి. రెండు పొట్టివి ఒకటి, ఒక పొడుగుది ఇంకొకటి, చాలు. పొట్టి-పొడుగు-పొట్టి లాంటివి ఇంట్లో బాగానే తెలుస్తాయి. పాఠం చెబుతూ ఉన్నప్పుడు మాత్రం అన్నీ ఒకలాగే తోస్తాయి.

యాపిల్ వాచీలో Settings లో Sounds & Haptics తెరిచి Silent Mode ఆన్ చేయండి. అక్కడే Haptic Alerts కింద Prominent ఎంచుకుంటే అసలు అదురుకు ముందు ఇంకో తట్టు వస్తుంది. నెమ్మదిగా ఉండే Default కంటే క్లాసులో ఇదే మేలు. సైలెంట్‌లో ఉన్నా ఛార్జింగ్ మీద ఉన్నప్పుడు అలారం శబ్దం చేస్తుందని గుర్తుంచుకోండి. మీటింగ్ హాల్లో టేబుల్ మీద పెట్టి ఛార్జ్ చేయడం మంచిది కాదు. ఆండ్రాయిడ్ వైపు వాచీ ఏదైనా, ఫోన్ Settings లో Apps కు వెళ్లి, వాచీ యాప్ ఎంచుకుని, Battery దగ్గర Unrestricted పెట్టండి. కొన్ని కంపెనీల ఫోన్లలో ఆటోస్టార్ట్ అనే అనుమతి కూడా విడిగా ఇవ్వాలి. నోటిఫికేషన్లు పొద్దున బాగా వచ్చి మధ్యాహ్నానికి ఆగిపోతున్నాయంటే కారణం దాదాపుగా ఇదే.

ఏ చేతికి, ఎంత బిగువుగా

అదురు తెలియడం లేదని మోటారును తిట్టుకునే ముందు పట్టీ చూడండి. వాచీ వెనక భాగం చర్మానికి ఆనుకుని ఉండాలి, పట్టీ కింద ఒక వేలు కష్టం మీద దూరాలి. మణికట్టు ఎముక మీద కాకుండా దానికి కొంచెం పైన, మోచేతి వైపు పెట్టండి. ఫుల్ హ్యాండ్స్ చొక్కా మీద పెడితే అదురులో సగం గుడ్డకే పోతుంది. వదులుగా ఉంటే ఇంకో చిక్కు కూడా ఉంది. వాచీ చేతికి ఉందో లేదో వెనకున్న సెన్సరు చూస్తుంటుంది. చర్మం తగలకపోతే తీసేశారనుకుని కొన్ని వాచీలు లాక్ అయిపోతాయి, ఇక నోటిఫికేషన్లు రావు. ఎండల్లో చెమట పట్టి పట్టీ వదులు చేసుకునే రోజుల్లో ఇది ఎక్కువగా జరుగుతుంది.

బోర్డు మీద రాసే చేతికి వాచీ వద్దు. చెయ్యి కదులుతున్నప్పుడు చర్మం మీద పడే చిన్న స్పర్శను మెదడు తగ్గించి చూపిస్తుంది. అలసటతో గాని, పరాకుతో గాని దీనికి సంబంధం లేదు, అందరి శరీరమూ అలాగే పనిచేస్తుంది. కుడిచేతితో రాసేవాళ్లు ఎడమచేతికి పెట్టుకోండి.

ఆడవాళ్లకు ఇంకో మాట. వాచీ పక్కనే గాజులుంటే, అదురుకు గాజులు వాచీ అంచుకు తగిలి గలగలమంటాయి. నిశ్శబ్దంగా ఉన్న క్లాసులో ముందు వరసకు వినిపిస్తుంది. అక్క రెండు చేతుల గాజులూ కుడిచేతికి మార్చుకోవడానికి ఒప్పుకోలేదు, మట్టిగాజులను మోచేతి వైపు జరిపి, వాటికీ వాచీకీ మధ్య ఒక మెత్తటి హెయిర్ బ్యాండు పెట్టింది. శబ్దం పోయింది.

మీటింగులో టేబుల్

గుట్టు బయటపడేది ఎక్కువగా టేబుల్ వల్లే. చెక్క టేబుల్ మీద, అందులోనూ లోపల బోలుగా ఉన్న దాని మీద, మణికట్టు ఆనించి కూర్చుంటే అదురు బల్లకు పాకి 'జుయ్' మని పెద్దదవుతుంది. పట్టీకి ఇనుప బకిల్ ఉండి అది బల్లకు తగిలితే ఇంకా ఎక్కువ. వాచీ ఉన్న చేతిని ఒళ్లో పెట్టుకోండి, లేకపోతే నోట్‌బుక్ మీద పెట్టండి. కాగితాల దొంతర అదురును మింగేస్తుంది.

మీటింగ్ కోసం క్యాలెండర్‌లో సాధారణంగా పది నిమిషాల ముందు అని వచ్చే నోటిఫికేషన్ ఒక్కటే వాడకండి. మీటింగులోకి వెళ్లాక మీకు కావాల్సింది మీ వంతు మాట్లాడే సమయం, లేదా బయటికి లేవాల్సిన సమయం. నాలుగింటికి మొదలైన మీటింగు నుంచి ఐదుంబావు బస్సుకు లేవాలంటే, 4:50కి వాచీ అలారం పెట్టండి. అది మొదలవగానే ఆపగలగాలి. కొన్ని వాచీల్లో పక్క బటన్ నొక్కితే ఆగుతుంది, కొన్నిటిలో తెర మీద పక్కకు జరపాలి. ఇంట్లో కళ్లు మూసుకుని ఆపడం సాధన చేయండి. బటన్‌తో ఆగని వాచీ అయితే మీటింగుకు అలారం కాకుండా నోటిఫికేషనే మంచిది. చూడకుండా ఆపలేని అలారం మిమ్మల్ని చూసేలా చేస్తుంది.

తెర వెలగడం కూడా గమనించండి. చెయ్యి కదిలినప్పుడల్లా వెలిగే సదుపాయాన్ని ఆ గంట ఆపేయండి. యాపిల్ వాచీలో Theater Mode పెడితే తెర చీకటిగానే ఉంటుంది, సైలెంట్ కూడా దానంతటదే ఆన్ అవుతుంది.

కిక్కిరిసిన బస్సులో

క్లాసులో చక్కగా తెలిసే అదురు బస్సులో మాయమవుతుంది. ఇంజను, రోడ్డు, గేరు మార్పులు ఒంటినంతా కుదుపుతుంటే, అందులో ఒక చిన్న అదురు కలిసిపోతుంది. పైనున్న రాడ్డు పట్టుకుని నిలబడినప్పుడు ఇది మరీ ఎక్కువ. బస్సు అదురంతా రాడ్డులోంచి నేరుగా ఆ మణికట్టుకే వస్తుంది. వాచీ లేని చేత్తో రాడ్డు పట్టుకోండి, వాచీ చెయ్యి ఛాతీకో బ్యాగుకో ఆనించి ఉంచండి. సీటు దొరికితే, వాచీ చెయ్యిని కిటికీ చట్రం మీదో ముందు సీటు కడ్డీ మీదో పెట్టకుండా ఒళ్లో పెట్టుకోండి. బస్సులో వైబ్రేషన్ బలాన్ని పూర్తిగా పెంచేయండి. చుట్టూ అంత శబ్దం ఉంటే ఎవరికీ వినిపించదు.

బస్సులో నోటిఫికేషన్ అంటే పొట్టిగా ఒక్కసారి అదిరి పోయేది, అది నిద్రలో తెలియదు. అందుకే చంద్రగిరి కోసం అక్క రెండు ఏర్పాట్లు చేసుకుంది. ఫోనులో లొకేషన్ అలారం యాప్‌లో చంద్రగిరిని గుర్తుపెట్టి, రెండు కిలోమీటర్ల వ్యాసార్థం వచ్చేలా వృత్తం పెద్దది పెట్టింది. వృత్తం మరీ చిన్నదైతే, ఫోన్ లొకేషన్ చూసుకునేలోగా బస్సు దాన్ని దాటేస్తుంది. దీనితో పాటు వాచీలో ఒక గంట టైమర్. ఆమె ఎక్కే బస్సు చిత్తూరు నుంచి మామూలుగా గంటంబావుకు చంద్రగిరి దగ్గరికి వస్తుంది. టైమర్‌ను బస్సు టైమ్‌కు కాకుండా బస్సు నిజంగా కదిలినప్పుడు నొక్కుతుంది. టైమర్ అదిరితే నిద్ర తేలుతుంది, లొకేషన్ అదిరితే లేచి ముందుకు నడుస్తుంది. పూతలపట్టు దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే టైమర్ కొంచెం ముందే మోగుతుంది, నష్టం లేదు. లొకేషన్ యాప్‌కు ఫోన్‌లో 'ఎల్లప్పుడూ' అనే లొకేషన్ అనుమతి ఇవ్వాలి, లేకపోతే తెర ఆరిపోగానే అది పనిచేయడం మానేస్తుంది. ఇంకో జాగ్రత్త: కొన్ని లొకేషన్ యాప్‌లు నోటిఫికేషన్‌గా కాకుండా ఫోన్ అలారంగా మోగుతాయి. చవక వాచీలకు అది చేరకపోవచ్చు, ఫోన్ మాత్రం బస్సంతా వినిపించేలా మోగుతుంది. ముందే ఇంటి వీధి చివర గుర్తు పెట్టి నడుచుకుంటూ వెళ్లి పరీక్షించండి.

నమ్మే ముందు పరీక్ష

ఏర్పాటంతా అయ్యాక రెండు నిమిషాల టైమర్ పెట్టి మూడు చోట్ల చూడండి. మొదటిది, ఫ్యాన్ కూడా ఆపిన గదిలో. మీ పక్క కుర్చీలో ఒకరిని కూర్చోబెట్టి, వాళ్లకు వినిపిస్తే చెప్పమనండి. చెయ్యి బల్ల మీద ఒకసారి, ఒళ్లో ఒకసారి. వినిపిస్తే వైబ్రేషన్ బలం ఒక మెట్టు తగ్గించండి. రెండోది, నిలబడి గట్టిగా మాట్లాడుతూ, రాస్తూ. ఇక్కడ మీకు తెలియకపోతే పట్టీ బిగించండి లేదా చెయ్యి మార్చండి. మూడోది సిటీ బస్సులో, మెలకువగా ఉన్నప్పుడు. అలిపిరి వైపు వెళ్లే బస్సులో రెండు స్టాపుల దూరం చాలు.

పరీక్షలో తేలే తేడా ఒకటుంది. కొన్ని వాచీల్లో చిన్న బరువు గిర్రున తిరిగే మోటారు ఉంటుంది. అది మెల్లగా అందుకుని మెల్లగా ఆగుతుంది, అందువల్ల రెండు పొట్టి అదుర్లు ఒకే పొడుగు అదురులా కలిసిపోతాయి. కొన్నిటిలో బరువు ముందుకూ వెనక్కూ కదిలే మోటారు ఉంటుంది, అది తట్టినట్టు స్పష్టంగా తెలుస్తుంది. మీది మొదటి రకమైతే లెక్కపెట్టే సంకేతాలు పెట్టుకోకండి. పొట్టిది, ఆగకుండా వచ్చేది, ఈ రెండింటితోనే నడపండి.

కొన్నాళ్లకు వచ్చే చిక్కులు

రెండు మూడు వారాలకు అదురు వచ్చినా తెలియనట్టు అనిపించవచ్చు. మోటారు పాడవలేదు. అదిరినప్పుడు పని చేయకుండా వదిలేసిన సార్లు ఎక్కువైతే మనసు దాన్ని పక్కన పెట్టేస్తుంది. అక్కకు నీళ్ల విషయంలో ఇలా జరిగింది. బాటిల్ స్టాఫ్ రూములో ఉండిపోయేది, అదిరినా తాగేదేమీ ఉండేది కాదు. బాటిల్ క్లాసు టేబుల్ మీదకు వచ్చాక మళ్లీ తెలియడం మొదలైంది. ఒక సంకేతం వారంలో సగం సార్లు పనికిరాలేదంటే దాని టైమైనా మార్చండి, లేదా తీసేయండి.

అదరకపోయినా అదిరినట్టు అనిపించడం కూడా ఉంటుంది. సంకేతాలు తక్కువగా ఉంటే ఇది తగ్గుతుంది. అనుమానం వస్తే వాచీ చూడకండి. అలారమైతే ఆగకుండా వస్తూనే ఉంటుంది కదా, రెండు మూడు సెకన్లు ఓపిక పట్టండి.

ఇన్సులిన్, మూర్ఛ మందు లాంటివి తప్పితే ప్రమాదం. వాటికి మణికట్టు అదురు ఒక్కటే ఆధారం కాకూడదు. వాచీ బ్యాటరీ అయిపోయిన రోజున అది మీకేమీ చెప్పదు. అలాంటి మందుకు ఫోన్ అలారమూ, ఇంట్లో ఒకరి ఫోనూ కలపండి.

పిల్లలకు కొనిస్తున్న తల్లిదండ్రులు, క్లాసులో ఇలాంటివి వాడుకునే ముందు టీచరుకు చెప్పి అనుమతి తీసుకోండి. మందు వేళ కోసమని తెలిస్తే చాలామంది ఒప్పుకుంటారు. పరీక్ష హాలు సంగతి వేరు. నీట్ లాంటి వాటికి ఏ రకం గడియారమూ లోపలికి రానివ్వరు, ఆ రోజు వాచీ ఇంట్లోనే పెట్టి వెళ్లాలి. తిరుమల ఆలయంలోకి కూడా ఎలక్ట్రానిక్ వస్తువులు తీసుకెళ్లనివ్వరు కాబట్టి, దర్శనానికి వెళ్లే రోజు మందు వేళలను ముందే చూసుకుని, క్యూలోకి వెళ్లేముందు వేసుకునేలా డాక్టర్‌ను అడగండి.

సెమిస్టర్ మారి టైమ్‌టేబుల్ మారినప్పుడు పాత అలారాలను సరిదిద్దకండి. అన్నీ తీసేసి, కొత్త కాగితం మీద మళ్లీ మూడు రాసుకుని మొదటి నుంచి పెట్టండి. సరిదిద్దుతూ పోతే, క్లాసు లేని మంగళవారం 11:40కి కూడా ఒక పాత అలారం అదురుతూనే ఉంటుంది.